తాడు పొట్టిదైతే గది పొడుగవుతుంది

ప్రశ్న: ఐదో తరగతి పిల్లల కోసం చిన్న కథ రాస్తున్నాను. ఒక అమ్మాయి తాడు, స్కేలు పట్టుకుని తన తరగతి గదిని కొలిచి, ఎన్ని డెస్కులు పడతాయో చెబుతుంది. గది వైశాల్యాన్ని డెస్కు వైశాల్యంతో భాగిస్తే చాలా? లెక్క తప్పకుండా ఉండాలి, కథలో ఒక మలుపు కూడా కావాలి.

చాలదండీ. భాగహారంతో వచ్చే సంఖ్య దాదాపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. అడ్డంగా ఎన్ని పడతాయో, నిలువుగా ఎన్ని పడతాయో విడివిడిగా చూసి, ఆ రెండిటినీ గుణించాలి. ఇక మలుపు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, అది తాడులోనే ఉంది. తాడుకు మీటరు మీటరుకూ ముడి వేస్తే ప్రతి మీటరూ కాస్త కురచవుతుంది. కాగితం మీద సరిపోయిన ఆఖరి వరస గదిలోకి వచ్చేసరికి గోడకు తగులుతుంది. ఈ రెండూ కుదిరితే కథ నిలబడుతుంది.

ముందు అంకెలు ఒకచోట పెట్టుకుందాం. ఇద్దరు కూర్చునే డ్యుయల్ డెస్కు తీసుకోండి. సీటు, రాసుకునే బల్ల ఒకే ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి కదా, అది. అడ్డం 120 సెంటీమీటర్లు, బల్ల ముందంచు నుంచి సీటు వెనక్కి 85 సెంటీమీటర్లు అనుకుందాం. తయారీని బట్టి ఈ కొలతలు మారతాయి కాబట్టి మీ కథ జరిగే బడిలో డెస్కు ఉంటే దాన్నే కొలిచి రాయండి. గది, బోర్డు గోడ వెంట 5 మీటర్ల 40 సెంటీమీటర్లు, బోర్డు నుంచి వెనక గోడకు 6 మీటర్ల 20 సెంటీమీటర్లు.

వైశాల్యాలతో చేస్తే 33.48ని 1.02తో భాగించాలి. 32 డెస్కులు వస్తాయి. ఇప్పుడు అవే డెస్కులను నిజంగా పేర్చి చూడండి. నడిచే దారి లేకుండా, టీచరుకు చోటు లేకుండా, గోడ నుంచి గోడకు కుక్కినా అడ్డంగా 4 పట్టి 60 సెంటీమీటర్లు మిగులుతుంది. నిలువుగా 7 పట్టి 25 మిగులుతుంది. మొత్తం 28. డెస్కులను పక్కకు తిప్పితే అడ్డంగా 6, నిలువుగా 5, మొత్తం 30 పడతాయి గానీ పిల్లలంతా కిటికీ వైపు చూస్తూ కూర్చోవాలి. ఎలా పేర్చినా 32 రాలేదు. అడ్డంగా మిగిలిన 60, నిలువుగా మిగిలిన 25 గోడల వెంట సన్నటి పట్టీల్లా ఉండిపోతాయి. వాటి వైశాల్యం భాగహారంలోకి వచ్చేస్తుంది, డెస్కు మాత్రం వాటిలోకి రాదు. పిండి అయితే ఎంత గిన్నెలోనైనా సర్దుకుంటుంది, డెస్కును కోసి సర్దలేం. ఐదో తరగతి పిల్లలకు శేషం తెలుసు కాబట్టి ఈ మాట వాళ్లకు వెంటనే అందుతుంది.

ఇక మనుషులు కూర్చునే లెక్క. బోర్డు గోడ నుంచి మొదటి వరస బల్ల అంచుకు 1 మీటరు 60 వదలండి. టీచరు కుర్చీ, బల్ల, లోపలికి తెరుచుకునే తలుపు రెక్క అన్నీ ఆ జాగాలోనే పడాలి. అందుకే కథలో తలుపును బోర్డు దగ్గర పక్క గోడకు పెట్టండి. వెనకెక్కడో పెడితే ఒక డెస్కు తగ్గించాల్సి వస్తుంది. అడ్డంగా మూడు డెస్కులు వేస్తే 360 పోను 180 మిగులుతుంది. కిటికీ గోడకు ఒక డెస్కు ఆనించి, మధ్యలో 60 చొప్పున రెండు దారులు, తలుపు గోడ వైపు ఇంకో 60. నాలుగో డెస్కుకు 120 కావాలి. అది పెడితే 60 మిగులుతుంది, ఒక్క దారికి మించి చోటుండదు.

నిలువుగా 460 మిగిలింది. ఐదు డెస్కులకు 425. మిగతా 35ను నాలుగు సందులకు పంచితే ఒక్కో సందు 8 సెంటీమీటర్లు, గోడ దగ్గర 3. డ్యుయల్ డెస్కులోకి పక్క నుంచే దూరతారు కాబట్టి ఒక సీటు వీపుకు, వెనకాల బల్లకు మధ్య 8 ఉన్నా ఇబ్బంది లేదు. ఇదే విడి కుర్చీలైతే పనికిరాదు, కుర్చీ వెనక్కి జరపాలి కదా. అలా మూడు ఐదులు 15 డెస్కులు, 30 మంది పిల్లలు. తరగతిలో సరిగ్గా 30 మంది ఉన్నారని రాయండి. అప్పుడు ఆ పదిహేనో డెస్కు పడుతుందా లేదా అన్నది ఎవరో ఒకరు ఎక్కడ కూర్చుంటారన్న సంగతి అవుతుంది.

ఇప్పుడు తాడు. బట్టలు ఆరేసే 3 మిల్లీమీటర్ల తాడుకు మామూలు ముడి ఒకటి బిగిస్తే సుమారు 3 సెంటీమీటర్ల తాడును మింగుతుంది. మందానికి దాదాపు పది రెట్లు అని గుర్తుంచుకుంటే ఏ తాడుకైనా అంచనా వేసుకోవచ్చు. అమ్మాయి ముందు తాడంతా పరిచి మీటరుకొక సిరా గుర్తు పెట్టి, ఆ తర్వాత గుర్తుల మీద ముడులు వేస్తుంది. ప్రతి ముడీ అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర లాగేసుకుంటుంది. ముడికీ ముడికీ మధ్య మిగిలేది 97 సెంటీమీటర్లే. ఆమె మాత్రం దాన్ని మీటరనే పిలుస్తుంది.

ఆ తాడు మొదటి ముడిని గోడకు ఆనించి 6 మీటర్ల 20 ఉన్న గదిని కొలిస్తే ఆరు ముడుల దూరానికి 582 అయిపోతుంది. మిగిలిన 38ని స్కేలుతో కొలుస్తుంది. పుస్తకంలో 6 మీటర్ల 38 అని రాసుకుంటుంది. తాడు కురచైతే గది పొడుగ్గా కనిపిస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు, కాబట్టి ఈ వాక్యం దగ్గర ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. అడ్డం కొలత కూడా ఇలాగే 5 మీటర్ల 55 అవుతుంది.

ఈ కథలో నాకు బాగా విలువైనదిగా అనిపించేది ఇక్కడే ఉంది. రెండు కొలతలూ తప్పే, కానీ దెబ్బ ఒక్కదానిలోనే తగులుతుంది. అడ్డంగా 15 సెంటీమీటర్లు ఎక్కువ చూపినా నష్టం లేదు. దారి 65 వస్తుందనుకుంటే 60 వచ్చింది, ఎవరూ గమనించరు. నిలువుగా అంత వెసులుబాటు లేదు. 638 లోంచి 160 తీస్తే 478. ఐదు డెస్కులకు 425 పోతే 53 మిగిలిందని ఆమె సందుకు 12 చొప్పున ఇస్తుంది. మొత్తం 473, ఇంకా 5 మిగిలిందని సంతోషిస్తుంది. గదిలో ఉన్నది 460. ఆఖరి వరస 13 సెంటీమీటర్లు గోడలోకి వెళ్లాలి!

ఇక్కడ ఒక షరతు ఉంది, తప్పితే కథ కూలిపోతుంది. డెస్కును, సందులను, బోర్డు ముందు జాగాను ఆమె స్కేలుతో కొలవాలి, గదిని తాడుతో కొలవాలి. అన్నిటినీ ఆ ముడుల తాడుతోనే కొలిస్తే డెస్కు కూడా అంతే నిష్పత్తిలో పెరిగి, సంఖ్య సరిగ్గానే వస్తుంది. మీటరు తప్పైనా డెస్కుల లెక్క తప్పదు! గొడవంతా రెండు కొలబద్దలు కలిసినచోట పుడుతుంది. చివర్లో అమ్మాయి కనిపెట్టేది ఇదే అయితే, తాడు తప్పని ఊరికే తెలుసుకోవడం కంటే కథ ఒక మెట్టు పైకెక్కుతుంది.

ఈ అంకెలతో ఒక చిత్తు రాసి పెడుతున్నాను. మీ ఊరి మాటలోకి మార్చుకోండి.

---

"రేపు డెస్కులొస్తున్నాయి. మన గదికి పదిహేను కావాలి. పడతాయా?" అన్నారు సారు. టేపు ఇంట్లో ఉండిపోయిందట.

"నేను కొలుస్తా సార్," అంది సిరి. ఆమె దగ్గరున్నది ముప్పై సెంటీమీటర్ల స్కేలు, ఇంటి నుంచి తెచ్చిన బట్టల తాడు.

తాడును వరండాలో పరిచి ఆ చివర రాజును పట్టుకోమంది. ముప్పై, ముప్పై, ముప్పై, పది. సిరాతో ఒక గుర్తు. మళ్లీ ముప్పై, ముప్పై, ముప్పై, పది. ఏడు గుర్తులయ్యాక, దూరం నుంచి కూడా కనిపించాలని ఒక్కో గుర్తు మీద ఒక్కో ముడి బిగించింది.

మొదటి ముడిని గోడకు ఆనించి, గోడ వారన తాడు పరిచారు. బోర్డు నుంచి వెనక్కి ఆరు ముడుల దూరం, ఆ పైన స్కేలుతో ముప్పై ఎనిమిది. అడ్డంగా ఐదు ముడుల దూరం, యాభై ఐదు. పక్క గదిలో ముందే వచ్చిన డెస్కు ఒకటుంది. దానికి స్కేలు పెట్టి చూస్తే అడ్డం నూట ఇరవై, వెనక్కి ఎనభై ఐదు.

రాజు గబగబా గుణించి భాగించాడు. "ముప్పై నాలుగు పడతాయే!"

"మరి సారు ఎక్కడ నిలబడతారు, నీ నెత్తి మీదా?" అంది సిరి. నేల మీద సుద్దముక్కతో వరసలు గీసింది. అడ్డంగా మూడు, నిలువుగా ఐదు. సందుకు పన్నెండు. "పదిహేను పడతాయి సార్. ఇంకా ఐదు సెంటీమీటర్లు మిగులుతుంది."

మర్నాడు ట్రాలీ వచ్చింది. సిరి స్కేలు పట్టుకుని ఒక్కో సందూ కొలుస్తుంటే అందరూ కలిసి డెస్కులు మోశారు. నాలుగు వరసలు కుదురుగా నిలిచాయి. ఐదో వరసలో మొదటి డెస్కు గోడకు తగిలి ఆగిపోయింది. ముందు సీటుకు ఆనించినా పట్టలేదు.

"గోడ జరిగిందేమోనే," అన్నాడు రాజు.

సిరి నవ్వలేదు. డెస్కు కొలిచింది. ఎనభై ఐదే. ఐదో వరసకు మిగిలిన జాగా కొలిచింది. డెబ్భై రెండు. పదమూడు సెంటీమీటర్లు తక్కువ. తాడు తెచ్చి పరిచింది. ఒక ముడి నుంచి ఇంకో ముడికి స్కేలు పెట్టింది. ముప్పై, ముప్పై, ముప్పై... ఏడు.

"పది ఉండాలి కదా!"

ఇంకో రెండు ముడుల మధ్య పెట్టింది. అక్కడా ఏడే. ఒక ముడి విప్పి చూసింది. విప్పిన తాడు మెలికలు తిరిగి పొడుగ్గా సాగింది. లోపల దాక్కున్న సిరా గుర్తు బయటికొచ్చింది.

"మూడేసి సెంటీమీటర్లు ముడి తినేసింది సార్! ఆరు మీటర్లకు పద్దెనిమిది. గది ఆరు ముప్పై ఎనిమిది కాదు, ఆరు ఇరవై."

"మరి అడ్డం కొలత?"

"అదీ తప్పే సార్. కానీ అక్కడ దారి అరవై ఐదుకు బదులు అరవై వచ్చింది, అంతే."

"అయితే పన్నెండు డెస్కులు ఉంచి మూడు వెనక్కి పంపేద్దామా?"

సిరి సుద్దముక్క తీసుకుంది. నాలుగు వందల అరవైలో నాలుగు వందల ఇరవై ఐదు పోతే ముప్పై ఐదు. నాలుగు సందులు. "వద్దు సార్. సందుకు ఎనిమిది చేస్తే పడతాయి."

మళ్లీ అన్నీ ముందుకు జరిపారు. ఆఖరి డెస్కుకూ గోడకూ మధ్య సిరి మూడు వేళ్లు పెట్టి చూసింది. రెండు వేళ్లే పట్టాయి.

"అన్నిటినీ ఈ తాడుతోనే కొలిచి ఉంటే..." అని ఆగింది.

"ఉంటే?" అన్నారు సారు.

"నిన్ననే సరిగ్గా చెప్పేదాన్ని సార్."

---

రాజు చెప్పిన 34 నా పొరపాటు కాదు. తప్పు తాడు ఇచ్చిన కొలతలతో భాగిస్తే అంతే వస్తుంది. సరైన కొలతలతో 32. సిరి గది కొలత తప్పని తెలిశాక రాజు మళ్లీ లెక్క చేసి 32 అంటాడని ఒక వాక్యం చేర్చుకోవచ్చు గానీ, ఆ సమయంలో ఎవరి చూపూ రాజు మీద ఉండదు.

సిరి ఐదో వరసకు మిగిలిన జాగా కొలిచే చోట డెబ్భై రెండు ఎలా వచ్చిందో సరిచూసుకోండి. ముందు 160, నాలుగు డెస్కులకు 340, నాలుగు సందులకు 48, కలిపి 548. గది 620. మిగిలింది 72. లెక్కల కథలో ఇలాంటి చోట్లే జారతాం.

తప్పు ఒక్కటే పెట్టండి. చాలా ప్లాస్టిక్ స్కేళ్లకు సున్నా గీత అంచు మీద ఉండదు, నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. అంచునే సున్నా అనుకునే పిల్లలు బోలెడంత మంది. మీటరుకు స్కేలును నాలుగుసార్లు వేస్తారు కాబట్టి మీటరు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు పొడుగవుతుంది. ఇది కూడా మంచి మలుపే, విడిగా ఇంకో కథ రాయొచ్చు. రెండూ ఒకే కథలో పెడితే ముడి కురచ చేసినదాన్ని స్కేలు సగం పూడ్చేస్తుంది. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పడం పిల్లలకే కాదు, చదివి వినిపించే టీచరుకూ కష్టం. అందుకే సిరి స్కేలును సున్నా గీత నుంచే పెడుతుందని అనుకున్నాను.

తాడు రకం కూడా ఆలోచించి రాయండి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని గాలిలో లాగితే ఒకసారి ఒక కొలత, ఇంకోసారి ఇంకో కొలత వస్తుంది. నేల మీద గోడ వారన పరిచి, ముడతలు పోయేంత మాత్రమే లాగాలి. గది మధ్యలో పరిస్తే తాడు ఏటవాలుగా పోయి కొలత ఎక్కువ చూపిస్తుంది. గోడ వెంట ఆ భయం లేదు. కథలో "గోడ వారన" అన్న రెండు మాటలు ఉంటే చాలు. నేల మీద రెండడుగుల నాపరాళ్లు పరిచి ఉంటే, రాళ్లు లెక్కపెట్టినా గది పొడుగు ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. అందుకని కథలో గచ్చు నేల పెట్టండి, లేకపోతే తెలివైన పిల్లాడెవడైనా "తాడెందుకు, రాళ్లు లెక్కపెట్టొచ్చుగా" అంటాడు.

పాత కట్టడాల్లో గది ముందు వెడల్పూ వెనక వెడల్పూ ఒకటిగా ఉండకపోవచ్చు. అసలు కొలిచేటప్పుడు రెండు చోట్లా కొలిచి చిన్నదాన్ని తీసుకుంటారు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలంటే కర్ణానికి చాలినంత తాడును ఒక మూల నుంచి ఎదురు మూలకు పరిచి గుర్తు పెట్టి, రెండో కర్ణం మీద పరిచి చూస్తే చాలు. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, ఈ రెండు కర్ణాలూ సమానమైతే గది చక్కగా ఉన్నట్టే, అంకెలతో పనే లేదు. యజ్ఞవేదికలు కొలిచిన శుల్బసూత్రాల పేరులో శుల్బమంటే తాడే. ఇది మీ కథలోకి లాగకండి, బరువెక్కుతుంది. పాఠం తర్వాత టీచరు చేయించే పనిగా బాగుంటుంది.

రెండు, మూడు తరగతుల పిల్లలకు ఇదే కథ కావాలంటే సెంటీమీటర్లన్నీ తీసేయండి. సిరి డెస్కు పక్కన తాడు పెట్టి, దాని పొడవుకు ఒక ముక్క, లోతుకు ఒక ముక్క కోస్తుంది. సందుకు తన అరచేతి వెడల్పు. పిల్లల అరచేయి ఆరేడు సెంటీమీటర్లే కాబట్టి ఐదు వరసలూ పడతాయి. బోర్డు ముందు నాలుగు పెద్ద అంగలు వదిలితే మాత్రం లెక్క తప్పొచ్చు, పిల్లల అంగలు ఒకేలా ఉండవు. దానికి బదులు అక్కడ టీచరు బల్లనూ, తెరిచిన తలుపునూ ఉంచి, వాటి వెనక సుద్దగీత గీయించండి. గీత నుంచి వెనక గోడ దాకా లోతు ముక్క, అరచేయి, లోతు ముక్క, అరచేయి అని పేర్చుకుంటూ పోతే, ఆరో ముక్క ఎక్కడ గోడకు తగిలి మడతపడుతుందో వాళ్లకే కనిపిస్తుంది.